గీత తెగిందని ఎప్పుడు అనాలి?

2025 ఏప్రిల్ 7, సోమవారం. అంతకు అయిదు రోజుల ముందు ట్రంప్ ప్రకటించిన సుంకాల దెబ్బకు ప్రపంచ మార్కెట్లన్నీ కుదేలయ్యాయి. నిఫ్టీ వెయ్యి పాయింట్లకు పైగా కిందికి తెరుచుకుంది. 21,743 దాకా దిగి, సాయంత్రానికి 22,161 దగ్గర ముగిసింది. ఆ రోజు చార్టు ముందు కూర్చున్న వాళ్లలో చాలామంది స్క్రీన్ మీద ఒక పొడవాటి గీత ఉండే ఉంటుంది. 2022 జూన్ 17 నాటి 15,183 అడుగునూ, 2023 మార్చి 20 నాటి 16,828 అడుగునూ కలిపి కుడివైపుకు సాగదీసిన గీత అది. ఆ రెండు బిందువుల గురించి ఎవరికీ తగాదా లేదు. అయినా ఆ సాయంత్రం ఒకరి చార్టులో గీత తెగింది, ఇంకొకరి చార్టులో సరిగ్గా గీత మీదే ముగింపు వచ్చింది. మూడో వారి చార్టులోనైతే ధర గీత దాకా రానే లేదు.

ముగ్గురూ తప్పు చేయలేదు. ట్రెండ్‌లైన్ గీయడం గురించి వచ్చిన పుస్తకాలన్నీ చదివినా ఈ తేడా ఎందుకొచ్చిందో ఒకచోట దొరకదు. ఒక్కో రచయిత ఒక్కో ముక్క చెప్పి వదిలేశాడు. ఆ ముక్కలన్నిటినీ ఈ ఒక్క గీత మీద పెట్టి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మనం గీసే గీత సన్నని దారం కాదు, దానికి వెడల్పు ఉంది. ఆ వెడల్పు ఎంతో లెక్క కట్టకుండా తెగిందా లేదా అని అడగడంలో అర్థం లేదు.

ముందు స్కేలు సంగతి. మామూలు చార్టులో సరళరేఖ అంటే వారానికి ఇన్ని పాయింట్లు అని అర్థం. లాగ్ స్కేలులో సరళరేఖ అంటే వారానికి ఇంత శాతం అని. వీక్లీ చార్టులో మన రెండు అడుగుల మధ్య 40 వారాలు. మామూలు స్కేలులో ఆ గీత వారానికి 41 పాయింట్లు ఎక్కుతుంది. 15,183 దగ్గర ఆ 41 పాయింట్లు 0.27 శాతం, 22,000 దగ్గర 0.19 శాతమే. అంటే పైకి పోయేకొద్దీ ఆ గీత మార్కెట్ నుంచి తక్కువ వేగాన్నే కోరుతుంది. లాగ్ గీత మాత్రం మొదటి నుంచి చివరిదాకా వారానికి 0.257 శాతమే అడుగుతుంది. ఎవరి చార్టయినా ఎక్సెల్‌లో సరిచూసుకోవచ్చు. మొదటి అడుగు నుంచి 2025 ఏప్రిల్ 7తో మొదలైన వారానికి 147 వారాలు:

```
లాగ్:     =15183.4*(16828.35/15183.4)^(147/40)
మామూలు:  =15183.4+(16828.35-15183.4)*147/40
```

మొదటి దానికి 22,158 వస్తుంది, రెండో దానికి 21,228. నిఫ్టీ దిగింది 21,743 దాకా. లాగ్ గీతకు 415 పాయింట్లు కిందికి చొచ్చుకుపోయింది, మామూలు గీతకు ఇంకా 515 పాయింట్ల ఎత్తులోనే ఆగిపోయింది. రెండు గీతల మధ్య దూరమే నాలుగు శాతం దాటింది. గీత తెగినట్టు గుర్తించడానికి పుస్తకాల్లో చెప్పే వడపోత సాధారణంగా మూడు శాతం. స్కేలు ఎంపికలో వచ్చే తేడా ఆ వడపోతనే మింగేసింది. మొదటి అడుగు నుంచి ఈనాటి ధర పాతిక శాతానికి మించి మారితే లాగ్ స్కేలే వాడాలని నేనంటాను. పెట్టుబడి పెరిగేది శాతాల్లో కనుక. రెండు మూడు నెలల చార్టులో ఈ తేడా లెక్కలోకి రాదు.

యాంకర్ బిందువుల దగ్గరికి వస్తే పెద్దలు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఒక వర్గం వాళ్లకు క్యాండిల్ తోక చివర ముఖ్యం. ఎడ్వర్డ్స్, మేగీ 1948లో వేసిన పుస్తకం నుంచి విక్టర్ స్పెరాండియో దాకా ఈ దారే. రెండో వర్గానికి తోకలంటే నమ్మకం లేదు. అలెగ్జాండర్ ఎల్డర్ 1993లో, తోక అంటే భయంతో పారిపోయినవాడి అడుగుజాడ అనే ధోరణిలో, ఎక్కువ ధరలు గుమిగూడిన అంచుల మీదుగా గీయమన్నాడు. జాక్ ష్వాగర్ 1996లో ఇంకో మెట్టు ముందుకెళ్లి, విడిగా పొడుచుకొచ్చిన అడుగుల్ని వదిలేసి ఎక్కువ అడుగులకు దగ్గరగా పోయే అంతర్గత గీతలను ఇష్టపడ్డాడు. టామ్ డిమార్క్ 1994లో దిశనే మార్చేశాడు. కుడివైపు తాజా అడుగుతో మొదలుపెట్టి ఎడమవైపుకు గీయమన్నాడు, పాత అడుగుల కన్నా కొత్త అడుగుకే విలువెక్కువ కాబట్టి. ఆ పద్ధతిలో గీతలు పొట్టిగా ఉంటాయి, తరచూ మారిపోతాయి. ఏడాది దాటి పొజిషన్ ఉంచుకునేవారికి అవి పెద్దగా పనికిరావు.

వీటన్నిటిలో వేలెత్తి చూపలేనంత స్పష్టంగా నిబంధన రాసినవాడు స్పెరాండియో, 1991లో. పెరుగుదలలో అన్నిటికన్నా కింది అడుగు నుంచి, అత్యధిక గరిష్ఠానికి ముందున్న చివరి అడుగుకు గీత గీయాలి. అయితే ఆ రెండు బిందువుల మధ్య ఎక్కడా గీత ధరను కోయకూడదు. కోస్తే ఆ అడుగును వదిలి వెనక్కి రావాలి. మన నిఫ్టీ మీద దీన్ని పెడితే ఏమవుతుంది? 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు నాటి 21,281 అడుగుకు గీద్దామంటే గీత 2023 మార్చి ధరల మీదుగా పోతుంది. 2023 అక్టోబర్ అడుగుకు గీసినా అంతే. చివరికి 16,828 ఒక్కటే మిగులుతుంది. అంటే ఈ గీతను ఎంచుకున్నది మనం కాదు, నిబంధనే. ఇద్దరు వేర్వేరుగా కూర్చుని గీసినా ఒకే గీత రావడం ఈ నిబంధనలోని గొప్ప.

దీని వెనక ఇంకో సంగతుంది. మార్చి 20న 16,828 అడుగు పడిందని మార్చి 20న ఎవరికీ తెలియదు. స్పెరాండియో లెక్క ప్రకారం అది యాంకర్ కావాలంటే ఆ తర్వాత కొత్త గరిష్ఠం రావాలి. 2022 డిసెంబర్ 1 నాటి 18,887ను నిఫ్టీ దాటింది 2023 జూన్ 28న. ఆ రోజు గీసినవాళ్లకే ఈ గీత నిజాయితీగా వచ్చింది. పాత చార్టుల మీద గీతలు గీసి భలే పనిచేసిందని మురిసేవాళ్లు సాధారణంగా మర్చిపోయే తేదీ ఇదే. ప్రతి గీత పక్కన దాని పుట్టిన తేదీ రాసి పెట్టుకోవాలి. ఆ తేదీకి ముందు ధర గీతను తాకినట్టు కనిపిస్తే దాన్ని లెక్కించకూడదు.

ఇక వెడల్పు. మన గీత పునాది 40 వారాలు. 2025 ఏప్రిల్ దాకా పొడిగింపు 107 వారాలు. రెండో యాంకర్‌లో ఒక శాతం తేడా వస్తే పొడిగింపు చివర అది ఎంతవుతుంది? ఒకటికి 107 బై 40 కలపండి, దాదాపు 3.7 వస్తుంది. ఒక శాతం తప్పు 3.7 శాతం అవుతుంది. మొదటి యాంకర్‌లో తప్పు జరిగితే 2.7 రెట్లు, అదీ వ్యతిరేక దిశలో. ఇది ఉత్త జ్యామితి. ఏ ట్రేడింగ్ పుస్తకం చదవకపోయినా హైస్కూలు పిల్లవాడు చెప్పేస్తాడు.

ఎంత దూరం పోతుందో చూడండి. తోకలు వదిలేసి క్లోజింగ్ ధరలతో గీద్దామనుకున్నారు. 2022 జూన్ 17 ముగింపు 15,293, 2023 మార్చి 24 ముగింపు 16,945. రెండూ శుక్రవారాలే, వారపు ముగింపులే. గీత ఏప్రిల్ 7 వారానికి 22,293కు చేరుతుంది. తోకలతో గీసిన 22,158కి 135 పాయింట్ల తేడా, పెద్దదేమీ కాదు. రెండు బిందువులూ ఒకే వైపుకు జరిగాయి కనుక తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అదే ఒక చివర తోక, రెండో చివర క్లోజింగ్ తీసుకున్నారనుకోండి, 15,183 నుంచి 16,945కు. గీత 22,730 దరిదాపులకు ఎగిరిపోతుంది. మార్చి దగ్గర 117 పాయింట్ల తేడా రెండేళ్ల తర్వాత 570 పాయింట్లయింది. మౌసుతో గీసేటప్పుడు చాలామంది తెలియకుండా చేసే పని సరిగ్గా ఇదే. ఒక చివర తోకకు అతుక్కుంటుంది, రెండోది కాస్త పైన క్యాండిల్ ఒంటికి అతుక్కుంటుంది. చార్టు సాఫ్ట్‌వేర్‌లో మాగ్నెట్ మోడ్ పెట్టుకుని, రెండు చివరలూ ఒకే రకం ధరకు తగిలాయో లేదో గీత సెట్టింగుల్లోని అంకెలు చూసి నిర్ధారించుకోవడం అరనిమిషం పని.

కాలం అక్షం కూడా ఇలాగే తిప్పలు పెడుతుంది. జూన్ 17 శుక్రవారం, మార్చి 20 సోమవారం. వీక్లీ చార్టుకు ఆ తేడా కనబడదు, 40 వారాలే అంటుంది. క్యాలెండర్ రోజులు లెక్కపెడితే 276, అంటే 40 వారాలకు నాలుగు రోజులు తక్కువ. పునాది పొట్టిదైతే గీత నిటారవుతుంది. క్యాలెండర్ రోజుల లెక్కన ఏప్రిల్ 7కు గీత 22,247. ఆ సోమవారం ముగింపు 22,161. ఇప్పుడు మొదట చెప్పిన ముగ్గురి సంగతి అర్థమవుతుంది. వారాల లాగ్ గీతకు ముగింపు మూడు పాయింట్ల పైన, రోజుల లాగ్ గీతకు 85 పాయింట్ల కింద, మామూలు స్కేలు గీతకు ఎక్కడో ఆకాశంలో.

మార్చి 16 నాటి అడుగు 16,850. దాన్ని యాంకర్‌గా తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు. తేడా 22 పాయింట్లే, 0.13 శాతం. పొడిగింపు చివర ఆ ధర తేడా ఒక్కటే అర శాతం. ఈ అర శాతం, కాలం అక్షం నుంచి వచ్చే ఇంకో 0.4 శాతం కలుపుకుంటే ఈ గీత వెడల్పు అటూ ఇటూ దాదాపు ఒక శాతం. 22,158 అనే అంకెను 21,950 నుంచి 22,370 దాకా ఉన్న పట్టీగా చూడాలి. అందుకే పొడిగింపు పునాది పొడవును దాటాక గీతను సన్నని పెన్నుతో గీయడం నేను ఒప్పుకోను. ఈ గీతకు ఆ గడువు 2023 డిసెంబర్ చివరికే అయిపోయింది. ఆ తర్వాత అది దారి చూపే గుర్తుగా పనికొస్తుంది, స్టాప్‌లాస్ పెట్టే చోటుగా పనికిరాదు.

సమాంతర ఛానెల్‌కు ఇక్కడ కాస్త చోటు ఇస్తే చాలు, ఎందుకంటే అది సొంతంగా కొత్త సమాచారం తెచ్చేది తక్కువ. పద్ధతి తేలిక: రెండు అడుగుల మధ్య ఉన్న అత్యధిక గరిష్ఠం గుండా అదే వాలుతో మరో గీత. మన గీతకు ఆ గరిష్ఠం 2022 డిసెంబర్ 1 నాటి 18,887. ఆ వారం కింది గీత 16,150 దగ్గరుంది కనుక ఛానెల్ వెడల్పు 17 శాతం. లాగ్ స్కేలులో ఛానెల్ వెడల్పు శాతంలోనే ఉండాలని గుర్తుంచుకోవాలి. పాయింట్లలో కొలిచి జరిపితే పైగీత సమాంతరంగా ఉన్నట్టు కనిపిస్తూనే మోసం చేస్తుంది.

ఈ ఛానెల్ పైగీత 2023 డిసెంబర్ చివరి వారానికి 21,813 దగ్గరుండాలి. డిసెంబర్ 28న నిఫ్టీ 21,801 తాకి ఆగింది. చూడముచ్చటగా ఉంది కదా. కానీ 2024 వేసవి నుంచి నిఫ్టీ ఆ పైగీతను దాటేసి, సెప్టెంబర్ 27న 26,277కు చేరింది, పైగీతకు తొమ్మిది శాతం ఎత్తున. పైగీత దాటితే పెరుగుదల వేగం పుంజుకుందని పుస్తకాలు చెబుతాయి. నిజమే, పుంజుకుంది కూడా. తర్వాత అయిదు నెలల్లో ఛానెల్ మొత్తం వెడల్పు దిగి కిందిగీత దగ్గరికే వచ్చింది. పైగీతను అమ్మకానికి గుర్తుగా వాడినవాళ్లు తొమ్మిది శాతం పోగొట్టుకున్నారు, దాటాక గరిష్ఠం దగ్గర కొన్నవాళ్లు అంతకన్నా ఎక్కువే. ఛానెల్‌లో ఆధారం ఉన్నది ఒక గీతకే, రెండోది దాని నీడ. కింది గీతకు ఉన్న యాంకర్లు రెండు, పై గీతకు ఒక్కటే. ధర పైగీతను మూడు నాలుగుసార్లు తాకిందాకా దాన్ని గీత అనకుండా అంచనా అంటే సరిపోతుంది. గిల్బర్ట్ రాఫ్ 1991లో తెచ్చిన రిగ్రెషన్ ఛానెల్ ఈ అసమానతను తీసేస్తుంది. మధ్యలో లీస్ట్ స్క్వేర్స్ గీత, దానికి అత్యంత దూరంలో ఉన్న ధర ఎంత దూరమో అంత దూరంలో రెండు అంచులు. కానీ అందులో మొదలూ చివరా ఎక్కడ పెట్టాలన్నది మళ్లీ మన ఇష్టమే, చివర జరిపినకొద్దీ అంచులూ జరుగుతాయి.

ఇప్పుడు తెగడం గురించి. ఇక్కడ పాత నిబంధనలు మూడు నాలుగున్నాయి. ఎడ్వర్డ్స్, మేగీ మూడు శాతం దాటి ముగిస్తేనే నమ్మమన్నారు. జాన్ మర్ఫీ ఆ మూడు శాతంతో పాటు, వరసగా రెండు రోజుల ముగింపు గీత అవతల ఉండాలన్న నిబంధనను ప్రచారంలోకి తెచ్చాడు. వెల్స్ వైల్డర్ 1978లో ఇచ్చిన ఏటీఆర్ వచ్చాక, స్థిరమైన శాతానికి బదులు ఆ షేరు రోజువారీ ఊగిసలాటలో ఒక వంతును వడపోతగా పెట్టడం అలవాటైంది. స్పెరాండియో గీత తెగడాన్ని మూడు మెట్లలో మొదటిదిగా మాత్రమే చూశాడు. గీత తెగాలి, తర్వాత వచ్చే ఎగుదల కొత్త గరిష్ఠం చేయలేక వెనుదిరగాలి, ఆ తర్వాత అంతకు ముందరి అడుగు కూడా తెగాలి. అప్పుడే దిశ మారినట్టు.

2025 ఏప్రిల్‌లో ఇవి ఎలా తీర్పిచ్చాయి? రోజులో గీతను తాకితే తెగినట్టే అనుకునే వ్యక్తి ఏప్రిల్ 7 ఉదయమే బయటికి వచ్చేశాడు. గీత దగ్గర స్టాప్‌లాస్ పెట్టి ఉంటే అది 22,158 దగ్గర అమలు కాలేదు, మార్కెట్ తెరుచుకున్న ధర దగ్గర, గీతకు నాలుగు వందల పాయింట్ల దిగువన అమలైంది. గ్యాప్ వచ్చిన రోజు గీత ఎవరినీ ఆదుకోదు. మూడు శాతం వడపోత పెట్టినవాళ్లకు హద్దు 21,493, అక్కడికి ధర రాలేదు. రెండు రోజుల నిబంధన వాళ్లకు మంగళవారం ముగింపు 22,535 కావడంతో సంగతి తేలిపోయింది. శుక్రవారం, అంటే వీక్లీ క్యాండిల్ ముగిసేసరికి, నిఫ్టీ 22,828. వారపు ముగింపులే చూసేవాళ్లకు అసలు ఏమీ జరగలేదు. స్పెరాండియో మూడో మెట్టు సంగతేమిటంటే, మార్చి 4 నాటి 21,964 అడుగు తెగింది, కానీ 2024 జూన్ 4 నాటి 21,281 తెగలేదు. రెండేళ్ల గీతకు రెండేళ్ల స్థాయి అడుగునే చూడాలి కనుక తీర్పు "తెగలేదు". ఆ నెలాఖరుకే నిఫ్టీ 24,300 దాటింది.

దీన్ని చూసి వడపోత ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటే అది ఒక్క ఉదాహరణతో పొందిన ధీమా. వడపోతకు ఖర్చుంది. మూడు శాతం అంటే ఇక్కడ 665 పాయింట్లు. అప్పటి నిఫ్టీ లాట్ 75. ఒక్క లాట్ ఫ్యూచర్స్ ఉన్నవాళ్లకు గీత దగ్గర నుంచి హద్దు దాకా వేచి ఉండడానికి దాదాపు యాభై వేల రూపాయలు పోతాయి. ఆ ఖర్చు భరించలేని పొజిషన్ సైజుకు ఆ గీత సరిపడదు, చిన్న గీత చూసుకోవాలి.

చిన్న గీత ఒకటి చూద్దాం, ఇది నిజంగా తెగింది కాబట్టి. 2024 జూన్ 4 నాటి 21,281 నుంచి ఆగస్టు 5 నాటి 23,893కు, తొమ్మిది వారాల పునాది. వారానికి 1.29 శాతం ఎక్కుతుంది. ఆ వేగం ఏడాది సాగితే నిఫ్టీ దాదాపు రెట్టింపు అవ్వాలి. సూచీ అలా ఎంతో కాలం పరుగెత్తదని గీసేటప్పుడే తెలియాలి. ఆగస్టు మధ్యలోనే ఒక తోక గీత కిందికి జారి వెనక్కొచ్చింది. సెప్టెంబర్ 6న వారపు ముగింపు 24,852, గీత 25,155. ఒక శాతం పైచిలుకు కింద. మరుసటి వారం ముగింపు కూడా గీత కిందే, అర శాతం. వరస రెండు ముగింపుల నిబంధనను వారాలకు వర్తింపజేస్తే అక్కడే తెగినట్టు.

కానీ మార్కెట్ పడలేదు. గీత అడుగు భాగాన్ని అంటిపెట్టుకుని పైకే నడిచింది. సెప్టెంబర్ 20 ముగింపు 25,790, గీత 25,811. సెప్టెంబర్ 27 ముగింపు 26,178, గీత 26,145. ఆ శుక్రవారమే 26,277 గరిష్ఠం. తెగిన గీత కిందినుంచి మళ్లీ తాకి వెనుదిరగడం అంటే ఇదే. సెప్టెంబర్ 27 ముగింపు ముప్పై పాయింట్లు పైకి రావడం చూసి గీత మళ్లీ అతుక్కుందని సంబరపడ్డవాళ్లూ ఉండి ఉంటారు. మరుసటి వారం గీత 26,484కు పోయింది, నిఫ్టీ 25,014 దగ్గర ముగిసింది. అయిదున్నర శాతం కింద. మూడు శాతం నిబంధన అప్పుడు కూసింది. నవంబర్ 4న 23,893 అడుగు కూడా తెగి స్పెరాండియో మూడో మెట్టు పూర్తయింది. మార్చి నాటికి 21,964.

ఈ రెండు గీతలనూ పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నిటారు గీత మొదటిసారి తెగడం వేగం తగ్గిందన్న కబురు మాత్రమే. సెప్టెంబర్ 6 తర్వాత మూడు వారాల్లో నిఫ్టీ ఇంకో 1,400 పాయింట్లు పెరిగింది. గీత తెగింది కదా అని ఆ రోజు షార్ట్ చేసినవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. నిటారు గీత తెగాక దాన్ని పొజిషన్ తగ్గించుకోవడానికి వాడాలి, తిప్పి ఎదురు పందెం వేయడానికి కాదు. వాలు తక్కువున్న గీత తెగితే అది పెద్ద కబురే, కానీ అది తెగడానికి ధర చాలా దూరం దిగాలి కనుక ఆ కబురు ఆలస్యంగా వస్తుంది. ఎంత ఆలస్యాన్ని భరించగలమో దాన్ని బట్టి వాలు ఎంచుకోవాలి.

ఒకే వడపోత అన్నిటికీ ఎందుకు కుదరదో కూడా ఇక్కడే తెలుస్తుంది. వడపోత గీత వెడల్పు కన్నా పెద్దదిగా ఉండాలి. తొమ్మిది వారాల పునాది మీద నాలుగు వారాల పొడిగింపులో యాంకర్ తప్పు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది, కనుక ఆ గీతకు ఒక శాతం హద్దు కూడా న్యాయమే. 40 వారాల మీద 107 వారాల గీతకు ఒక శాతం గీత వెడల్పులోనే మునిగిపోతుంది. రెండు శాతానికి తక్కువ వడపోత అక్కడ నాణెం ఎగరేయడంతో సమానం.

వీటికి పరిశోధనల మద్దతు ఉందా అని అడిగేవాళ్లకు సూటి సమాధానం ఇచ్చే అధ్యయనాలు తక్కువ. కెరల్ ఓస్లర్ 2000లో న్యూయార్క్ ఫెడ్ తరఫున, కరెన్సీ సంస్థలు ముందుగా ప్రకటించిన సపోర్టు, రెసిస్టెన్స్ స్థాయిల దగ్గర మారకం రేట్లు మామూలు కన్నా ఎక్కువసార్లు ఆగి తిరిగాయని చూపింది. అవి అడ్డంగా ఉండే స్థాయిలు, వాలు గీతలు కావు. అదే ఏడాది లో, మమయ్‌స్కీ, వాంగ్ అనే ముగ్గురు చార్టు ఆకృతుల్ని కంప్యూటర్‌తో గుర్తించి కొన్నిటిలో కాస్త సమాచారం ఉందన్నారు, అదీ తలభుజాల వంటి ఆకృతులకే. వాలు గీతను పరీక్షించాలంటే ముందు ఎవరు గీసినా ఒకేలా వచ్చే నిబంధన కావాలి. స్పెరాండియో నిబంధనలాంటివి కాకుండా కళ్లతో గీసే పద్ధతులన్నీ అక్కడే పరీక్షకు అందకుండా తప్పించుకుంటాయి.

విడి షేర్లలో ఇంకో రెండు చిక్కులున్నాయి. బోనస్, స్ప్లిట్ సర్దుబాటు దాదాపు ప్రతి చార్టూ చేస్తుంది, డివిడెండ్ సర్దుబాటు కొన్ని చార్టులే చేస్తాయి. ఎక్కువ డివిడెండ్ ఇచ్చే ప్రభుత్వ రంగ షేర్లలో సర్దుబాటు చేసిన చార్టు పాత అడుగును కిందికి నెట్టి గీతను నిటారు చేస్తుంది. అదే షేరు రెండు చార్టుల్లో రెండు చోట్ల తెగుతుంది. ఇక లావాదేవీలు పల్చగా ఉండే చిన్న షేర్లలో ఒక్క పెద్ద ఆర్డర్ తోకను సృష్టిస్తుంది. అక్కడ తోకల మీద గీత గీయకుండా ముగింపులు పట్టుకోవడమే మేలు.

చివరి చిక్కు గీతను మళ్లీ గీయడం. ఏప్రిల్ 7 తర్వాత చాలామంది 15,183 నుంచి నేరుగా 21,743కు కొత్త గీత వేసుకున్నారు. అది వారానికి 0.245 శాతం ఎక్కుతుంది, పాతది 0.257. ఏడాదికి లెక్కేస్తే 14.3 శాతం వేగం 13.5కు తగ్గింది. చూడ్డానికి చిన్న సవరణే. కానీ తెగిన ప్రతిసారీ ఇలా కాస్త పడుకోబెడుతూ పోతే ఏ గీతా ఎన్నటికీ తెగదు. అందుకే స్పెరాండియో నిబంధనను పట్టుకుంటే కొత్త గీతకు అర్హత 26,277 దాటాకే వస్తుంది. అప్పటిదాకా చార్టు మీద ఉండాల్సింది పాత గీతే. కొత్తది వచ్చాక కూడా పాతదాన్ని చెరిపేయకుండా బూడిదరంగులోకి మార్చి, పుట్టిన తేదీ పక్కన, ఏ నిబంధన ప్రకారం ఏ రోజు తెగిందో లేదా తెగలేదో రాసి ఉంచాలి. ఏడాది పాటు ఇలా ఉంచితే, మీ చార్టులో మూడు శాతం నిబంధన ఎన్నిసార్లు కాపాడిందో, ఎన్నిసార్లు ఆలస్యం చేసిందో మీ లెక్కే చెబుతుంది.